5 శాతం చాలదన్న డిస్ట్రిబ్యూటర్: ఒక కేస్ స్టడీ

కోస్తాలోని ఒక మధ్యతరహా పట్టణం. మసాలా పొడులు, పచ్చళ్లు అమ్మే ఒక ప్రాంతీయ కంపెనీకి ఆ ప్రాంతపు అమ్మకాలు నేను చూసేవాణ్ని. అక్కడి డిస్ట్రిబ్యూటర్ గారు ఒకరోజు రెండు కోరికలు ముందు పెట్టారు. 5 శాతం మార్జిన్‌ను 7 శాతం చేయాలి. 7 రోజుల అరువును 21 రోజులకు పెంచాలి. లేకపోతే వచ్చే నెల నుంచి సరుకు దించుకోనని తేల్చి చెప్పారు. మరో కంపెనీ 6 శాతం మార్జిన్, 15 రోజుల అరువు ఇస్తానని ఆయన వెంట పడుతోందన్నది కూడా నిజమే. ఆ కంపెనీ బిల్లు నాకు చూపించారు.

ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ చెప్పను. అంకెలను గుండ్రం చేశాను, నిష్పత్తులు మాత్రం మార్చలేదు.

ఇలాంటి సందర్భంలో చాలామంది మేనేజర్లు వెంటనే బేరంలోకి దిగుతారు. ఏడు కుదరదు, అర శాతం ఇస్తాం, అరువు 10 రోజులు చేస్తాం అంటారు. ఆ దారిలో వెళితే మూడు నెలల తర్వాత అదే కోరిక మళ్లీ వస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌కు ఎక్కడ నొప్పిగా ఉందో తెలియకుండా అడిగిందాంట్లో సగం ఇచ్చి వస్తాం కాబట్టి. అందుకే నేను ఆయనతో ఒక్క మాటే అన్నాను: "అడిగినదానికి కాదనను, అవుననీ అనను. ముందు మీ పెట్టుబడి మీద మీకు నెలకు ఏం మిగులుతోందో ఇద్దరం కూర్చుని రాద్దాం."

ఆయన నవ్వి, "రాయడానికేముందండీ? ఇదే డబ్బు రెండు రూపాయల వడ్డీకి తిప్పుకుంటే గోడౌను వద్దు, బండి వద్దు, ఈ తలనొప్పీ వద్దు" అన్నారు.

ఆయన కేసు మొత్తం ఆ మాటలోనే ఉంది. డిస్ట్రిబ్యూటర్ నోట మార్జిన్ శాతం వినిపిస్తుంది గాని, మనసులో నడిచే లెక్క నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే. అందుకే మేము కూడా ఆ భాషలోనే లెక్క రాశాం.

నెలకు మా సరుకు ఆయన కొనేది 21 లక్షల రూపాయలది, అంటే రోజుకు 70 వేలు. 5 శాతం మార్జిన్ మీద నెలకు 1,05,000 వస్తుంది. అందులోంచి ఇద్దరు సేల్స్‌మెన్ జీతాలు 26 వేలు. బండి, డ్రైవరు, డీజిలు ఖర్చులో మా కంపెనీ వాటా 14 వేలు (ఆ బండి మీదే ఇంకో కంపెనీ సబ్బులు కూడా తిరుగుతాయి). గోడౌను అద్దె, బిల్లులు కొట్టే అబ్బాయి జీతంలో వాటా 8 వేలు. ఇంకో 12 వేలు ఎటు పోతున్నాయో చెప్పడానికి ఆయన మొదట తటపటాయించారు. తర్వాత ఒప్పుకున్నారు, హోల్‌సేల్ షాపులకు బిల్లు మీద 2 శాతం తగ్గించి ఇస్తున్నానని. మొత్తం ఖర్చు 60 వేలు, మిగిలేది 45 వేలు.

ఇక పెట్టుబడి. గోడౌనులో 24 రోజుల స్టాకు ఉంది, 16.8 లక్షలు. కొట్ల దగ్గర 17 రోజుల బకాయి, 11.9 లక్షలు. స్కీముల కింద మా కంపెనీ ఆయనకు తిరిగి ఇవ్వవలసిన క్లెయిములు 3.3 లక్షలు. మూడూ కలిపితే 32 లక్షలు. అందులో మా 7 రోజుల అరువు 4.9 లక్షలు తీసేస్తే ఆయన సొంతంగా పెట్టింది 27.1 లక్షలు. దాని మీద నెలకు 45 వేలంటే నూటికి రూపాయి 66 పైసలు. ఆయన ఆ డబ్బులో కొంత రూపాయిన్నర వడ్డీకి తెచ్చినదే. అంటే అప్పు తెచ్చిన భాగం మీద ఆయనకు మిగులుతున్నది నూటికి 16 పైసలు.

కాబట్టి ఆయన బాధ బూటకం కాదు. ఇది కంపెనీ పెద్దలకు ముందుగా చెప్పవలసిన సంగతి. డిస్ట్రిబ్యూటర్ గొంతు పెంచగానే "బెదిరిస్తున్నాడు" అని ఆఫీసులో అనడం సులువు. నూటికి రూపాయి 66 పైసల రాబడితో ఏ వ్యాపారీ ఎక్కువ కాలం నిలబడడు. ఆయన అడగకపోయి ఉంటే ఇంకో ఏడాదికి చెప్పకుండానే మానేసేవారు.

అయితే ఆయన అడిగిన మందు ఆ జబ్బుకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. 7 శాతం మార్జిన్, 21 రోజుల అరువు ఇస్తే ఆయనకు నెలకు 87 వేలు మిగులుతాయి, పెట్టుబడి 17.3 లక్షలకు తగ్గుతుంది. అంటే నూటికి 5 రూపాయలు. మా వైపు నుంచి చూస్తే 42 వేల మార్జిన్, అదనంగా ఆగిపోయే 9.8 లక్షల మీద నెలకు ఒక శాతం వడ్డీ 9,800, కలిపి 51,800. ఆ పట్టణపు అమ్మకంలో ఇది దాదాపు రెండున్నర శాతం. ఖర్చులన్నీ పోను మాకు మిగిలేదే 8 శాతం లోపు. దాంట్లో మూడో వంతు దాకా ఒక్క ఊరికి వదులుకోవడం ఏ లెక్కలోనూ నిలవదు.

శాతం విషయంలో నాకు ఇంకో భయం ఉంది, దానికి ఆధారం కూడా అప్పటికే దొరికింది. పక్క పట్టణం బజారులో ఒక హోల్‌సేల్ కొట్టులో మా కారం పొడి కేసులు కనిపించాయి. అక్కడి డిస్ట్రిబ్యూటర్ ధర కన్నా తక్కువకే అమ్ముతున్నారు. కేసు పక్కన ముద్రించి ఉన్న బ్యాచి నంబరు రాసుకుని డిస్పాచి రిజిస్టరులో చూస్తే, ఆ బ్యాచి వెళ్లింది ఈయన గోడౌనుకే. ఇప్పుడున్న 5 శాతంలోనే 2 శాతం వదిలి పక్క ఊరికి సరుకు దాటిస్తున్నప్పుడు, ఇంకో 2 శాతం ఇస్తే అది కూడా అదే దారిలో పోతుంది. ఆయన జేబులో నిలవదు. పైగా పక్క ఊరి డిస్ట్రిబ్యూటర్ వారం తిరక్కుండా అదే కోరికతో ఫోను చేస్తారు.

ఆ కేసుల గురించి ఆయన్ని నిలదీయలేదు. ఆయన ఎందుకు దాటిస్తున్నారో ముందు తెలియాలి. దానికి గోడౌనులో నిలబడి స్టాకు లెక్కించడం తప్ప వేరే మార్గం లేదు. కంప్యూటర్‌లో 24 రోజుల స్టాకు అని ఒక అంకె కనిపిస్తుందే గాని, ఆ అంకెలో ఏముందో కనిపించదు.

తలుపు తీయగానే ఎడమ గోడ వెంట పైకప్పు దాకా బిర్యానీ మసాలా పెద్ద ప్యాకెట్ల కేసులు. కొన్నిటి మీద తయారీ తేదీ ఏడు నెలల కిందటిది. అదే గోడౌనులో 10 రూపాయల చికెన్ మసాలా ప్యాకెట్ ఒక్క కేసు కూడా లేదు. ఆ ఊరి కిరాణా కొట్లలో నిలబడి చూస్తే ఎక్కువగా కదిలేది ఆ 10 రూపాయల ప్యాకెట్టే. 16.8 లక్షల స్టాకులో 3.5 లక్షలు ఆ ఊళ్లో కదలని సరుకు. కదిలే సరుకేమో లేదు.

ఆయన ఫైలులో మా బిల్లులు తేదీల వారీగా పేర్చితే కారణం తేలిపోయింది. నెల మొత్తం సరుకులో దాదాపు సగం 25వ తేదీ తర్వాతే దిగుతోంది. మా బ్రాంచి నెల టార్గెట్ పూర్తి చేయడానికి ఆ చివరి వారంలో ఫోన్లు చేసి, తన గోడౌనులో ఏది ఎక్కువగా ఉంటే అది పంపేస్తోంది. ఆయనా మొహమాటానికి దించుకుంటున్నారు. వారం తిరగ్గానే దానికి డబ్బు కట్టాలి. సరుకు కొట్లకు చేరలేదు, చేతిలో డబ్బు లేదు. అందుకని హోల్‌సేల్ వాళ్లకు 2 శాతం తగ్గించి ఇచ్చేస్తున్నారు. వాళ్లు దాన్ని పక్క పట్టణానికి పంపుతున్నారు, మిగిలినది ఇదే ఊళ్లోని కొట్లకు అమ్ముతున్నారు. దాంతో మన సేల్స్‌మన్ కొట్టుకు వెళితే "హోల్‌సేల్‌లో మీ ధర కన్నా తక్కువకే దొరుకుతోంది" అంటున్నారు. ఏడాది మొత్తంలో ఆయన గడువు దాటించిన బిల్లులు నాలుగు, నాలుగూ నెలాఖరువే.

బకాయిల జాబితా కూడా ఇదే చెప్పింది. 11.9 లక్షల్లో 5.5 లక్షలు రెండే రెండు హోల్‌సేల్ షాపుల దగ్గర ఉన్నాయి. వాళ్లు నెలకు కొనేది 6 లక్షలది, డబ్బు ఇవ్వడానికి పట్టేది 27 రోజులు. మిగతా వందలాది కిరాణా కొట్లు కలిసి నెలకు 15 లక్షల సరుకు తీసుకుని 13 రోజుల్లో కట్టేస్తున్నాయి. ఎవరికైతే ధర తగ్గించి ఇస్తున్నారో వాళ్లే ఆలస్యంగా కడుతున్నారు. ఆయన అడిగిన 21 రోజుల అరువు నిజానికి ఈ రెండు షాపులకు చేరేదే.

ఇక క్లెయిములు. ఇక్కడ తప్పు పూర్తిగా మా వైపుది. 12 కొంటే 1 ఉచితం లాంటి స్కీముల్లో ఆయన ముందు తన చేతి సరుకు కొట్లకు ఇచ్చి, తర్వాత మా దగ్గర వసూలు చేసుకోవాలి. ఐదు నెలల క్లెయిములు బ్రాంచిలో నిలిచిపోయి ఉన్నాయి. కొన్ని బిల్లుల మీద కొట్టు ముద్ర లేదని ఆపారు, కాని ఆపినట్టు ఆయనకు ఎవరూ రాసి పంపలేదు. ఆయన దృష్టిలో కంపెనీ 3.3 లక్షలు ఎగ్గొట్టింది. మార్జిన్ గురించి ఆయన మాటల్లో కనిపించిన కోపంలో సగం ఈ క్లెయిముల కోపమే అని నా నమ్మకం.

ఆయన ఇంకో వాదన కూడా పెట్టారు: పెద్ద క్యాష్ అండ్ క్యారీ దుకాణాల్లో, యాప్‌లలో కొట్లకు ఇంకా తక్కువకే సరుకు దొరుకుతోందని. ఇది ఆయన ఒక్కరి గొడవ కాదు. ఇలాంటి ధరల తేడా మీదే దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య 2021 డిసెంబరులో పెద్ద కంపెనీలకు లేఖ రాసి, 2022 జనవరి నుంచి సహాయ నిరాకరణ చేస్తామని హెచ్చరించింది. మా విషయంలో మాత్రం ఆ దుకాణాల్లో మా సరుకు చాలా తక్కువ. ఈ ఊళ్లో ధర చెడగొడుతున్నది మా నెలాఖరు సరుకే.

అప్పుడు ఆయనతో మళ్లీ కూర్చున్నాం. బ్యాచి నంబరు రాసుకున్న కాగితం మొదట బల్ల మీద పెట్టాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నెలాఖరుకు మీరు పంపిన సరుకు నేనేం చేసుకోను, చెప్పండి" అన్నారు. "అదే ఆపుదామని వచ్చాను" అన్నాను. ఆ తర్వాత మాటలు సాఫీగా సాగాయి.

ఒప్పందంలో మార్జిన్ 5 శాతంగానే ఉంది. ఆయన రాబడి మాత్రం వేరే దారుల్లో పెంచాం. మొదటిది సరుకు. ప్రతి వారం మంగళవారం ఒక బండి, గత నాలుగు వారాల్లో కొట్లకు నిజంగా అమ్ముడైన లెక్క ప్రకారం. 25వ తేదీ తర్వాత ఆయన రాతపూర్వకంగా అడగకుండా ఒక్క కేసు కూడా బిల్లు చేయకూడదు. కదలని 3.5 లక్షల్లో 2 లక్షల సరుకు వెనక్కి తీసుకుని, బిర్యానీ మసాలా బాగా పోయే నగరానికి పంపాం. మిగతా 1.5 లక్షలు గడువు దగ్గరపడక ముందే స్కీము పెట్టి అమ్మించాం.

రెండోది క్లెయిములు. ప్రతి నెల 10వ తేదీలోగా ఆయన పంపాలి, 25వ తేదీలోగా మేము క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అభ్యంతరం ఉంటే 17వ తేదీలోగా రాసి చెప్పాలి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. ఈ చివరి షరతుకు మా అకౌంట్స్ విభాగం ఒప్పుకోవడానికి డిస్ట్రిబ్యూటర్‌ను ఒప్పించడం కన్నా ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది.

మూడోది అరువు. ఇక్కడ నేను గట్టిగా నిలబడ్డాను. ఆయన డిపాజిట్ మా దగ్గర ఉన్నది 2 లక్షలు. 21 రోజుల అరువంటే మా డబ్బు 14.7 లక్షలు ఆయన దగ్గర ఉంటుంది. ఆయన మంచివారే, కాని ఆ రెండు హోల్‌సేల్ షాపుల్లో ఒకటి మూతపడితే ఆ దెబ్బ మాకు తగులుతుంది. చెక్కులు తీసుకుని పెట్టుకున్నా, చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం 30 రోజుల్లో నోటీసు, 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోగా ఫిర్యాదు, ఆపైన కోర్టు వాయిదాలు. సరుకు పంపే ముందు తీసుకున్న జాగ్రత్తకు అది సాటిరాదు.

అందుకని అరువు పరిమితిని రోజుల్లో కాక రూపాయల్లో కట్టాం. ఏ రోజునా మొత్తం 6 లక్షలు దాటకూడదు, గడువు దాటిన బిల్లు ఒక్కటి ఉన్నా వచ్చే మంగళవారం బండి కదలదు. సంక్రాంతికి సరుకు ఎక్కువ కావాలి కనుక డిసెంబరు 20 నుంచి పరిమితి 9 లక్షలు, జనవరి 25కల్లా మళ్లీ 6 లక్షలకు రావాలి. పండుగ అరువుకు ముగింపు తేదీ ముందే రాసుకోకపోతే అది శాశ్వత అరువుగా మారిపోతుంది.

ఆయన రూపాయిన్నర వడ్డీ అప్పుకు బదులుగా బ్యాంకు చానెల్ ఫైనాన్స్ చూపించాం. మా బిల్లుకు బ్యాంకు మాకు డబ్బు కడుతుంది, ఆయన బ్యాంకుకు తర్వాత కడతారు. వడ్డీ ఆయన బయటి అప్పు కన్నా తక్కువ. అయితే ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు సక్రమంగా ఉండాలి, ఆయన బ్యాంకుకు కట్టకపోతే మేము సరుకు ఆపుతామని బ్యాంకుకు హామీ ఇవ్వాలి. కాగితాలు పూర్తి కావడానికి చాలా కాలం పట్టింది. ఈ దారి చూపించి ఊరుకుంటే కుదరదు, ఫైలు వెంట మనమే తిరగాలి.

హోల్‌సేల్ విషయంలో ఆయన ఒక మాట ఇచ్చారు. ఆ రెండు షాపులకు నెలకు 3 లక్షలకు మించి ఇవ్వరు, పాత బాకీ తీరితేనే కొత్త సరుకు ఇస్తారు. పక్క ఊళ్లో మళ్లీ ఈయన బ్యాచి కనిపిస్తే ఆ నెల స్కీములు ఆపుతామని మేమూ రాసుకున్నాం.

మొదటి నెల అమ్మకం 21 లక్షల నుంచి 17 లక్షలకు పడింది. ఇది జరుగుతుందని పై అధికారులకు ముందే రాసి పంపాను. పడ్డ 4 లక్షలూ నిజానికి అమ్మకాలు కావు, గోడౌను మారిన సరుకు. అయినా ఆ నెల మా బ్రాంచి టార్గెట్ అందుకోలేదు, ఇన్సెంటివ్ పోయింది. ఈ పద్ధతికి అసలు ఖర్చు ఇదే. ఒక త్రైమాసికం పాటు అంకెలు తగ్గడాన్ని భరించే అధికారి పైన లేకపోతే ఇది మొదలుపెట్టకూడదు. మధ్యలో ఆపి మళ్లీ నెలాఖరు సరుకు పంపితే డిస్ట్రిబ్యూటర్ ఇక ఏ మాటా నమ్మడు.

నాలుగో నెలకు అమ్మకం మళ్లీ 21 లక్షలకు చేరింది. ఈసారి అందులో 18 లక్షలు నేరుగా కిరాణా కొట్లకు వెళ్లినవే. హోల్‌సేల్‌లో చవక సరుకు దొరకకపోయేసరికి కొట్లు మన సేల్స్‌మన్‌కే ఆర్డరు ఇచ్చాయి, 10 రూపాయల ప్యాకెట్ ఎప్పుడూ అందుబాటులో ఉండడం అందుకు తోడైంది. స్టాకు 14 రోజులకు దిగి 9.8 లక్షలు, బకాయిలు 13 రోజులకు దిగి 9.1 లక్షలు, క్లెయిములు ఒక లక్ష. మా అరువు పోను ఆయన పెట్టుబడి 15 లక్షలు. హోల్‌సేల్ తగ్గింపు 12 వేల నుంచి 6 వేలకు దిగడంతో మిగులు 51 వేలు. నూటికి 3 రూపాయల 40 పైసలు. అంతకుముందు రూపాయి 66 పైసలు.

పెట్టుబడిలోంచి బయటపడిన 12 లక్షలతో ఆయన ముందుగా అప్పు తీర్చారు. రెండో కంపెనీ గురించి మాత్రం నేను అడ్డు చెప్పలేదు. ఆ సరుకు కూడా ఆయన తీసుకున్నారు. 6 శాతం ఇస్తున్నా నెలకు ఒక్కసారి కూడా స్టాకు తిరగడం లేదని కొన్నాళ్లకు ఆయనే లెక్క వేసి చెప్పారు.

అన్ని చోట్లా ఇది పనిచేయదు. స్టాకు పన్నెండు రోజుల లోపే ఉండి, క్లెయిములు సకాలంలో అందుతూ, బకాయిలు అదుపులో ఉండి కూడా డిస్ట్రిబ్యూటర్‌కు నూటికి రెండు రూపాయలు మిగలకపోతే, అక్కడ మార్జిన్ నిజంగానే చాలడం లేదు. లేదా ఆ ప్రాంతపు అమ్మకం ఇద్దరు సేల్స్‌మెన్ ఖర్చు మోసేంత లేదు. అప్పుడు ప్రాంతం పెంచాలి, కాకపోతే కంపెనీ డబ్బు పెట్టక తప్పదు.

ఏడాది తర్వాత సరిగ్గా అలాంటి ప్రశ్నే ఆయన తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లకు తిరిగే బండి మీద ఒక శాతం అదనంగా కావాలన్నారు. లెక్క చూస్తే ఆ రూటులో నెలకు 2.5 లక్షల అమ్మకం, డీజిలు, డ్రైవరు కలిపి 9 వేలు. అంటే 5 శాతంలో 3.6 శాతం రోడ్డు మీదే పోతోంది. అడగడం న్యాయమే. కాని శాతం ఇవ్వలేదు, ఇస్తే పట్టణం బిల్లులు కూడా ఊళ్ల పేరుతో రాయడం మొదలవుతుంది. దానికి బదులు నెలకు 4 వేలు బండి ఖర్చు కింద ఇస్తామన్నాం, వారానికి నాలుగు రూట్లు తిరిగి, ఒక్కో రూటులో కనీసం 20 కొట్లకు బిల్లు పడాలన్న షరతుతో. ఆయన రెండు రూట్లకే ఒప్పుకున్నారు, 2 వేలతో మొదలుపెట్టాం.